కత్తెర కంటే ముందు కాగితం

షూటింగ్ అయిన రాత్రి మన కాలేజీలో ప్రతి ఫిల్మ్ టీమూ చేసే పని ఒకటుంది. కార్డులు లాప్‌టాప్‌లోకి కాపీ అవుతుండగానే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. బాగా గుర్తున్న నాలుగు షాట్లు టైమ్‌లైన్ మీదకి లాగి, కింద ఒక మ్యూజిక్ పడేసి, తెల్లారేసరికి "సగం అయిపోయింది రా" అని గ్రూప్‌లో మెసేజ్ పెడతారు. పోయినేడు మేమూ అదే చేశాం. ఆ సగం ఎలా తిరగబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నా వాదన చిన్నది. తీసిన ఫుటేజ్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చూసి, ఏ క్లిప్‌లో ఎక్కడ ఏముందో రాసుకుని, రేటింగ్ ఇచ్చుకునేదాకా రఫ్ కట్ మొదలుపెట్టకూడదు. దీన్ని లాగింగ్ అంటారు. చాలామంది దీన్ని క్లర్కు పని అనుకుంటారు. నేనూ అనుకున్నా. ఇప్పుడు అడిగితే, డాక్యుమెంటరీ ఎడిటింగ్‌లో సగం నిజాయితీ అందులోనే ఉందంటాను.

జరిగింది ఇదీ. పోచంపల్లి వైపు ఒక ఊళ్లో, గుంట మగ్గం మీద ఇప్పటికీ నేస్తున్న ఒక తాత గురించి డాక్యుమెంటరీ తీయాలనుకున్నాం. మూడు రోజులు, రెండు కెమెరాలు. మొత్తం 186 క్లిప్పులు, 9 గంటల 40 నిమిషాల ఫుటేజ్. రెండో రోజు మధ్యాహ్నం ఇంటర్వ్యూలో తాత ఒక మాటన్నాడు: "ఈ మగ్గం నాతోనే సరి బిడ్డా. నా తర్వాత ఈ గుంటల కూసునేటోడు లేడు." ఆ మాట అయ్యాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. కెమెరా పట్టుకున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ముగింపు దొరికేసిందని ఆ క్షణమే అందరం ఫిక్స్ అయిపోయాం.

ఇంకేముంది, ఆ ముగింపు నుంచి వెనక్కి కట్టుకుంటూ వచ్చాం. గుర్తున్న షాట్లు, అందమైన షాట్లు, చివర్లో ఆ మాట, తర్వాత ఖాళీ మగ్గం, ఫేడ్ అవుట్. 12 నిమిషాల సినిమా. హాస్టల్లో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఫెస్ట్‌కి ఇంకా 11 రోజులుంది. మర్యాదగా ఉంటుందని ముందు తాత ఇంటికెళ్లి లాప్‌టాప్‌లో చూపించాం.

తాత మొత్తం చూశాడు. అయిపోయాక కూడా స్క్రీన్ వైపే చూస్తూ, "నేను గిదొక్కటే చెప్పిన్నా?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. "తెల్లారి మగ్గం కాడ ఇంకో మాట చెప్పిన గద. అది ఏడవాయె?" గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఆయన మనవరాలు అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

బస్సులోనే లాప్‌టాప్ తెరిచి వెతికాం. మూడో రోజు పొద్దున ఏ కెమెరాలో ఏడో క్లిప్, 18 నిమిషాలది. నాడె అటూ ఇటూ పోతున్న క్లోజప్ కోసం తీసింది. దాన్ని మేం బీ రోల్ అని ఫోల్డర్‌లో పడేశాం. ఎడిట్ చేసేటప్పుడు మగ్గం చప్పుడు చిరాకుగా ఉందని ఆడియో మ్యూట్ చేసి, మొదటి 20 సెకన్లు వాడుకున్నాం. ఆరు నిమిషాల తర్వాత, చేతులు ఆగకుండానే, తాత గొంతు వినిపిస్తుంది: "నిన్న కోపంల అన్న. కూసునేటోళ్లు లేకేం, మా పోరి నేస్తది. అది నేసిన చీర నాకన్న సాపుగుంటది. కాకపోతే కూలి గిట్టది, అందుకే నేనే వద్దంటున్న."

మొత్తం మారిపోయింది కదా. మా సినిమా చెప్పింది వారసుడు లేని మగ్గం కథ. ఆయన చెప్పింది వారసురాలు ఉండి కూడా కూలి గిట్టక ఆయనే వద్దంటున్న మగ్గం కథ. మేం ఒక్క అబద్ధం కూడా జోడించలేదు. ఆయన అన్న మాటే వాడాం. కానీ ఆయన మర్నాడే దిద్దుకున్న మాటని వినలేదు. ఎందుకు వినలేదు? మా దగ్గర ఉన్న 9 గంటల 40 నిమిషాలూ చూసినవాళ్లు మా టీమ్‌లో ఒక్కరూ లేరు కాబట్టి. తీసినవాడికి తీసినట్టు గుర్తుంటుంది, చూసినట్టు అనిపిస్తుంది. అదే మోసం. షూటింగ్‌లో కళ్లు ఫోకస్ మీద, బ్యాటరీ మీద ఉంటాయి. చెవులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు.

ఆ రాత్రి గొడవైంది. మా ఎడిటర్ అన్నాడు: "చివరి మాట మార్చేద్దాం, గంట పని." నేనన్నాను: "ఒక మాట ఇలా మిస్సయితే ఇంకెన్ని మిస్సయ్యాయో ఎలా తెలుస్తుంది?" 11 రోజుల్లో లాగింగ్ అంటే పిచ్చి అన్నాడు. అతని లెక్కలో తప్పు లేదు. కానీ చివరికి ప్రాజెక్ట్ పక్కన పెట్టి, స్ప్రెడ్‌షీట్ తెరిచాం.

ఎలా చేశామో చెప్తాను. ఇందులో మేం చేసిన తప్పులే ఎక్కువ పనికొస్తాయి.

మొదట పేర్ల దగ్గరే దెబ్బ తిన్నాం. కార్డు ఫార్మాట్ చేసిన ప్రతిసారీ మా కెమెరా మళ్లీ C0001 నుంచి నంబర్లు మొదలుపెట్టింది. అంటే మా దగ్గర C0007 అనే పేరుతో ఐదు వేర్వేరు ఫైళ్లున్నాయి. షీట్‌లో "C0007 చాలా బాగుంది" అని రాస్తే అది ఏ రోజుదో దేవుడికే తెలియాలి. అందుకని రోజు, కెమెరా ముందు చేర్చి D3_A_C0007 అని అన్నిటికీ పేర్లు మార్చాం. ఇది సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించకముందే చేయాలి. మేం ఎక్కించాక చేశాం కాబట్టి పాత ప్రాజెక్ట్‌లో క్లిప్పులన్నీ ఆఫ్‌లైన్ అని ఎర్రగా కనిపించాయి. మళ్లీ లింక్ చేసుకోవడానికి ఒక పూట పట్టింది.

తర్వాత నోట్స్. మొదటి గంటలో మేం రాసినవి ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. "బాగుంది", "ఓకే", "తాత మాట్లాడుతున్నాడు", "సూపర్ షాట్". ఇవి నోట్స్ కావు, లైకులు. నాలుగు రోజుల తర్వాత "బాగుంది" అని చదివితే ఏం గుర్తొస్తుంది? ఏముందో రాయాలి, ఎలా ఉందో తర్వాత. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఏ మాట అన్నారు. మాట ముఖ్యమైతే ఆయన అన్నది అన్నట్టే, ఆయన యాసలోనే రాయాలి. మన భాషలోకి సర్ది రాశామంటే అప్పుడే మార్చేసినట్టు. "వారసులు లేరని బాధపడ్డాడు" అని రాసుంటే మేం మళ్లీ అదే గోతిలో పడేవాళ్లం. "నా తర్వాత ఈ గుంటల కూసునేటోడు లేడు" అని రాసి, పక్కన "కోపంగా, కూలి లెక్క చెప్పిన వెంటనే" అని రాశాం. ఆ చివరి మూడు నాలుగు ముక్కలే తర్వాత మమ్మల్ని కాపాడాయి. ఆ మాటకి ముందు ఏం జరిగిందో వాటివల్లే తెలిసింది.

మూడోది, క్లిప్‌కి ఒక రేటింగ్ ఇవ్వడం. 18 నిమిషాల క్లిప్‌కి ఒకే రేటింగ్ ఇస్తే దానికి అర్థమే లేదు. నాడె క్లోజప్ క్లిప్‌కి మొత్తంగా ఇవ్వమంటే నేను ఒకటి ఇచ్చేవాణ్ణి. ఎందుకంటే 18 నిమిషాల్లో 16 నిమిషాలు ఒకటే చప్పుడు. బంగారం మిగతా రెండు నిమిషాల్లో ఉంది. అందుకే క్లిప్‌ని ముక్కలుగా చూసి, ఒక్కో ముక్కకి ఒక్కో వరుస రాశాం. మా షీట్‌లో ఆ క్లిప్ ఇలా ఉంటుంది:

```
D3_A_C0007 | 00:00–06:10 | నాడె క్లోజప్, మాటల్లేవు | 1
D3_A_C0007 | 06:12–07:40 | తాత: "నిన్న కోపంల అన్న..." | 3
D3_A_C0007 | 07:40–07:58 | మౌనం, చేయి ఆగింది | 3
D3_A_C0007 | 07:58–18:04 | నేత, ఫోకస్ పోతూ వస్తూ | 0
```

రేటింగ్‌కి సున్నా నుంచి మూడు దాకా చాలు. మూడు అంటే ఇది లేకపోతే సినిమా లేదు. రెండు అంటే వాడొచ్చు. ఒకటి అంటే అవసరమైతే చూద్దాం. సున్నా అంటే ఇప్పటికి వద్దు. పదికి వేస్తే ఆరుకీ ఏడుకీ తేడా ఏంటని అరగంట వాదించుకుంటాం. మూడింటితో ఆ బాధ లేదు. అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ కూడా రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ పద్ధతిలోనే తన రషెస్‌కి ఒకటి, రెండు, మూడు స్టార్లు వేసుకునేవాడు. ఆ చూడ్డానికే వారాలకి వారాలు పట్టేది. ఆయన సినిమాల్లో ఇంటర్వ్యూలుండవు, వ్యాఖ్యానం ఉండదు. ఏం జరిగిందో అదే. అలాంటప్పుడు తీసినదంతా చూడకుండా ఏ సీన్ దేని పక్కన నిలబడుతుందో ఆయనకైనా ఎలా తెలుస్తుంది?

రేటింగ్‌తో ఇంకో చిక్కుంది. అది క్లిప్ కంటే మన మూడ్‌ని ఎక్కువ చెప్తుంది. మూడో సాయంత్రం మా షీట్ చూస్తే ఎనిమిదిన్నర తర్వాత ఒక్క మూడు కూడా లేదు. అన్నీ ఒకట్లే. అప్పటికి మెస్ మూసేసే టైమ్, అందరికీ ఆకలి. మర్నాడు పొద్దున ఆ క్లిప్పులు మళ్లీ చూస్తే అందులో రెండు మూడులూ నాలుగు రెండులూ తేలాయి. అప్పటి నుంచి గంటన్నర కంటే ఎక్కువ ఒక్కసారి కూర్చోకూడదని రూల్ పెట్టుకున్నాం. అలాగే ఇద్దరు వేర్వేరుగా రేటింగ్ వేస్తే, ఒకడి రెండు ఇంకొకడి మూడు. ముందు పది క్లిప్పులు అందరం కలిసి చూసి, కలిసి మార్కులేసి, ఆ తర్వాత పంచుకుంటే ఈ తేడా చాలా తగ్గింది.

ఇంకొకటి: ఫోకస్ బాగోలేదని రేటింగ్ తగ్గించకండి. టెక్నికల్ లోపానికి వేరే కాలమ్ పెట్టండి. మనవరాలు రాట్నం దగ్గర కండెలు చుడుతూ తాతని దొంగచూపు చూసిన షాట్ పూర్తిగా సాఫ్ట్‌గా ఉంది. టెక్నికల్‌గా ఫెయిల్. విషయంగా మూడు. రెండూ ఒకే అంకెలో కలిపేసి ఉంటే అది ఒకటి దగ్గర ఆగిపోయి, ఎవరం మళ్లీ తెరిచేవాళ్లం కాదు.

రెట్టింపు స్పీడ్‌లో చూస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. మేమూ ట్రై చేశాం. లెక్చర్ వీడియోలు అలాగే కదా చూస్తాం! మాటలు అర్థమవుతాయి, కానీ మౌనాలు పోతాయి. తాత ఆ మాట అన్నాక చేయి ఆగిన ఆ 18 సెకన్లు రెట్టింపు స్పీడ్‌లో తొమ్మిది సెకన్ల ఖాళీలా కనిపిస్తాయి. మామూలు స్పీడ్‌లో చూస్తే అక్కడ ఒక మనిషి ఆలోచిస్తున్నాడు. కాబట్టి మనుషులున్న ప్రతి క్లిప్పూ అసలు వేగంతో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆడియో మ్యూట్ చేయకుండా చూడాలి. ఎవరూ లేని చెట్టూ చేమా షాట్లకి స్పీడ్ పెంచుకోండి, పాపం లేదు.

మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఫీలింగ్‌ని మాత్రం అప్పుడే రాసిపెట్టుకోవాలి. అది మళ్లీ రాదు. "అపోకలిప్స్ నౌ" ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ పద్ధతి ఇదే. రషెస్ మొదటిసారి చూస్తూ మనసుకి తట్టింది తట్టినట్టు రాసుకుంటాడు. తర్వాత రెండోసారి చూసి, ఆచితూచి వేరే నోట్స్ రాస్తాడు. రెండూ ఉంచుకుంటాడు. ఎందుకంటే ప్రేక్షకుడు సినిమాని ఒక్కసారే, మొదటిసారే చూస్తాడు. యాభైసార్లు చూసిన ఎడిటర్‌కి ఆ చూపు మిగలదు. 1979లో వచ్చిన ఆ సినిమాకి దాదాపు 230 గంటల ఫుటేజ్ ఉంది. తెరకెక్కిన ప్రతి నిమిషానికీ దాదాపు 95 నిమిషాలు పక్కన మిగిలాయి. మాది 41కి ఒకటి. వాళ్లతో పోల్చుకోవడానికి కాదు, మనిషి జ్ఞాపకం మోయలేని బరువు మన హాస్టల్ ప్రాజెక్ట్‌లో కూడా ఉంటుందని చెప్పడానికి.

ఐదు సాయంత్రాల్లో, మొత్తం 17 గంటల్లో మా లాగింగ్ అయిపోయింది. అంటే ఫుటేజ్ నిడివికి రెండింతల కంటే కొంచెం తక్కువ. మీరు ప్లాన్ చేసుకునేటప్పుడు ఈ లెక్కే వేసుకోండి. రేటింగ్ ఆరో కాలమ్‌లో, ఆ ముక్క నిడివి ఏడో కాలమ్‌లో ఉంటే ఒక్క ఫార్ములాతో మూడు స్టార్ల మొత్తం తెలుస్తుంది:

```
=SUMIF(F:F,3,G:G)
```

మాకు 26 నిమిషాలు వచ్చింది. అది చూసినప్పుడు మా ఎడిటర్ మొహం నాకు ఇంకా గుర్తుంది. తొమ్మిదిన్నర గంటల కొండ కాస్తా 26 నిమిషాల గుట్ట అయిపోయింది. ఆ వరుసల్ని ఫిల్టర్ చేసి, ప్రింట్ తీసి, ముక్కలుగా కత్తిరించి, కామన్ రూమ్ నేల మీద పరుచుకున్నాం. సాఫ్ట్‌వేర్ తెరవకుండానే సినిమా క్రమం అక్కడే కుదిరింది. రఫ్ కట్‌కి పట్టింది రెండు రోజులు. అంతకుముందు, లాగింగ్ లేకుండా, 12 నిమిషాలకి మూడు వారాలు పట్టింది. వాటిలో చాలా భాగం "ఆ షాట్ ఎక్కడుంది రా" అని వెతుక్కోవడమే.

ఇప్పుడు అవతలి వైపు వాదన కూడా చెప్పాలి. ఎడిటింగ్ అనేది చేతితో ఆలోచించడం, రెండు షాట్లు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది, కాగితం మీద తెలీదు అంటాడు మా ఎడిటర్. ఇప్పటికీ అంటున్నాడు. నిజమే. మేం సున్నా ఇచ్చిన ఒక క్లిప్ చివరికి సినిమాలో ఉంది. మనుషులెవరూ లేని గదిలో ఫ్యాన్ చప్పుడు, దూరంగా ఎవరిదో మగ్గం. రెండు ఇంటర్వ్యూ ముక్కల మధ్య సౌండ్ అతకడానికి సరిగ్గా అదే కావాల్సివచ్చింది. కాబట్టి రేటింగ్ తీర్పు కాదు, సున్నా ఇచ్చామని డిలీట్ చేయకూడదు. ఆ క్లిప్ పది సెకన్లలో దొరికిందంటే మాత్రం అది షీట్‌లో "ఖాళీ గది, ఫ్యాన్, దూరం మగ్గం" అని రాసి ఉండబట్టే.

అన్నిటికీ ఇది అవసరమనీ అనను. ఫెస్ట్ ఆఫ్టర్ మూవీకి, ఆ రాత్రే అప్‌లోడ్ చేయాల్సిన రీల్‌కి కూర్చుని షీట్ నింపితే నవ్వుతారు. స్క్రిప్ట్ ఉన్న షార్ట్ ఫిల్మ్‌కి షూటింగ్‌లోనే సీన్ నంబరు, టేక్ నంబరు, ఏ టేక్ ఓకే అని రాసుకుంటే సగం లాగింగ్ అక్కడే అయిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కట్ చేయడానికి భయపడి, ఇంకో కాలమ్, ఇంకో రంగు అంటూ షీట్‌ని అలంకరిస్తూ కూర్చోవడం. మాలో ఒకడు ట్యాగులకే ఒక సాయంత్రం తగలేశాడు. 40 ట్యాగుల్లో చివరికి వాడినవి ఐదు. క్లిప్ పేరు, టైమ్, ఏముంది, లోపం, మొదటి ఫీలింగ్, రేటింగ్, నిడివి. ఈ ఏడు కాలమ్‌లు దాటితే అనుమానించండి.

కానీ నిజం మనుషుల్ని, వాళ్ల నిజం మాటల్ని గంటలకి గంటలు తీసుకొచ్చి, అందులో కొన్ని నిమిషాలు ఏరి జనానికి చూపించే పని అయితే, మిగతావి వినకుండా ఏరే హక్కు మనకి లేదు. ఆయన మూడు రోజులు మగ్గం పని మానుకుని మాకు టైమిచ్చాడు. మేం 17 గంటలు కుర్చీలో కూర్చోలేమా?

కొత్త కట్ 14 నిమిషాలు వచ్చింది. ఫెస్ట్‌కి ముందు రోజు మళ్లీ ఆ ఊరెళ్లాం. ఈసారి మనవరాలిని కూడా కూర్చోబెట్టాం. రెండో రోజు మాట ఉంది. తర్వాత నాడె చప్పుడు, మూడో రోజు మాట, చేయి ఆగిన 18 సెకన్లు పూర్తిగా ఉన్నాయి. అయిపోయాక తాత ఏమీ అనలేదు. మనవరాలే అంది: "కూలి గిట్టదని నాతోని ఎన్నడూ చెప్పలే. నాకు చేతగాదని వద్దంటుండనుకున్న."

ఫెస్ట్‌లో మాకు ప్రైజ్ రాలేదు. హాస్టల్లో పాత కట్టే బాగుందని ఇప్పటికీ కొందరంటారు. ఆ ముగింపు ఏడిపించేదని. ఏడిపించేదే, కాదనను. అది ఆయన చెప్పిన కథ మాత్రం కాదు.